నల్ల నేరం

తమిళుల ఇంట్లో గోడకు తగిలించే, రోజుకో కాగితం చింపే క్యాలెండరు చూశారా? తారీఖు అంకె కింద, రాహుకాలం పక్కన, దాదాపు ప్రతి కాగితం మీదా ఒక మాట అచ్చేసి ఉంటుంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా మన లిపిలో రాస్తే 'నల్ల నేరం' అవుతుంది. పక్కనే పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, సాయంత్రం ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా అని వేళలు. తమిళ అక్షరాలు కూడబలుక్కుంటున్న రోజుల్లో నేను మొదట చదివిన మాటల్లో ఇదొకటి. రోజుకు రెండు పూటలా వేళ చూసుకుని మరీ చేసే ఆ చీకటి పని ఏమిటో నాకు ఎంతకీ అంతుపట్టలేదు.

తమిళంలో 'నల్ల' అంటే మంచి. 'నేరం' అంటే సమయం. నల్ల నేరం అంటే శుభవేళ.

ఇలాంటి మాటలకు ఫ్రెంచివాళ్ళు 1928లో ఒక పేరు పెట్టారు. కెస్లర్, దెరొకిన్యి అనే ఇద్దరు పండితులు ఇంగ్లిషులోనూ ఫ్రెంచిలోనూ ఒకేలా కనిపించి మోసం చేసే మాటల మీద పుస్తకం రాస్తూ, వాటిని 'కపట మిత్రులు' అన్నారు. ఆ పేరు స్థిరపడిపోయింది. తమిళం నుంచి తెలుగులోకి అనువాదం చేసేవాళ్ళకు ఈ మిత్రుల బెడద మిగతావాళ్ళకంటే ఎక్కువ. జపనీస్ నుంచి అనువదించేవాడికి ప్రతి మాటా కొత్తదే కనక ప్రతి మాటకూ నిఘంటువు తీస్తాడు. మనకు తమిళ వాక్యంలో సగం మాటలు చుట్టాల్లా కనిపిస్తాయి. చుట్టాన్ని గుమ్మంలో ఆపి నువ్వెవరని అడగం కదా! పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే. తెలియని మాట దగ్గర అనువాదకుడు తప్పు చేయడం తక్కువ. తెలుసనుకున్న మాట దగ్గరే చేస్తాడు.

నల్ల నేరం సంగతి ఫరవాలేదు. అర్థం ఎంత వింతగా ఉందంటే, చదివినవాడికే అనుమానం వచ్చి ఆగుతాడు. అసలు ప్రమాదం, తప్పు అర్థం పెట్టినా వాక్యం చక్కగా నిలబడే చోట ఉంది. 'అవసరం' అలాంటిది.

మద్రాసులో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు పెద్దావిడ. అందరం 'పాట్టి' అనేవాళ్ళం, అంటే అవ్వ. ఒకరోజు మెట్లు దిగి పరుగెత్తుతుంటే, వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్న పాట్టి తలెత్తి "ఎన్న, అవసరమా?" అంది. ఏదో ఇవ్వబోతోంది కాబోలు, కావాలా అని అడుగుతోందనుకుని, "వేండాం పాట్టి" అనేసి వెళ్ళిపోయాను. వేండాం అంటే వద్దు. "ఏం, తొందరా?" అని అడిగితే "వద్దు అవ్వా" అని చెప్పి పరుగెత్తినవాణ్ణి చూసి ఆవిడ ఏమనుకుందో మరి!

తమిళంలో అవసరం అంటే తొందర, త్వరపడాల్సిన పరిస్థితి. మనం అవసరం అనే చోట వాళ్ళు 'తేవై' అంటారు. రెండు భాషలూ ఈ మాటను సంస్కృతం నుంచే తెచ్చుకున్నాయి. అక్కడ అవసరమంటే సందర్భం, సమయం. సందర్భం వచ్చిందంటే ఏదో ఒకటి కావాల్సి వచ్చిందని మనం అర్థం చేసుకున్నాం. సందర్భం వచ్చిందంటే ఇక ఆగకూడదని తమిళులు, కన్నడిగులు అర్థం చేసుకున్నారు. ఒకే ఇంటి నుంచి తెచ్చుకున్న గింజను ఎవరి పొలంలో వాళ్ళు చల్లుకున్నారు. మన దగ్గర కూడా ఆ రెండో అర్థం ఒక మూల ఉంది. 'అత్యవసరం' అన్నామంటే 'చాలా కావాలి' అని కాదు, 'వెంటనే కావాలి' అని. ఆసుపత్రి బోర్డు మీద 'అత్యవసర చికిత్స' అని మనం రాసేదాన్ని తమిళులు 'అవసర సిగిచ్చై' అని రాస్తారు.

ఇక 'తొందర' సంగతి. తమిళంలో 'తొందరవు' అనే మాట ఉంది. కన్నడంలో 'తొందరె' అంటారు. ఆ రెండింటికీ త్వరతో సంబంధం లేదు. ఇబ్బంది, బెడద అని అర్థం. అంటే ఇక్కడ మాటలు గొలుసుకట్టుగా పక్కకు జరిగాయి. మన తొందర వాళ్ళ అవసరం. మన అవసరం వాళ్ళ తేవై. వాళ్ళ తొందరవు మన ఇబ్బంది. ఒక కుర్చీలో కూర్చోవాల్సినవాడు పక్క కుర్చీలోకి జరిగితే వరసంతా జరిగినట్టు. అందుకే ఒక్క మాట దగ్గర కాలు జారితే తరవాతి మాట దగ్గరా జారుతుంది.

కథల్లో తరచు వచ్చే రకం సంభాషణ ఒకటి నేనే అల్లి చూపిస్తాను. పెళ్ళింట్లో పెద్దాయన కొడుకుతో ఇలా అంటాడు: "అవసరప్పడాదే. ఇన్నుం నేరం ఇరుక్కు. యారుక్కుం తొందరవు వేండాం."

తమిళం కొత్తగా నేర్చుకున్నవాడు మొదటి చిత్తుప్రతిలో దీన్ని ఇలా రాసే ప్రమాదం ఉంది: "అవసరపడకు. ఇంకా నేరం ఉంది. ఎవరికీ తొందర వద్దు." మధ్య వాక్యం దగ్గర ఎవరికైనా తల తిరుగుతుంది. అక్కడ ఆగి, నిఘంటువు చూసి, నేరం అంటే సమయమని తెలుసుకుని దిద్దుకుంటాడు. మొదటి వాక్యం తెలుగులో పలకదు కాబట్టి 'నీకు అవసరం లేదు' అని సర్దుతాడు. ఇప్పుడు ఏమైంది? "నీకు అవసరం లేదు. ఇంకా సమయం ఉంది. ఎవరికీ తొందర వద్దు." చదవండి, ఎక్కడా తట్టుకోదు. సమయం ఉంది కాబట్టి తొందర వద్దంటున్నాడు, తర్కం కూడా కుదిరింది. కానీ పెద్దాయన అన్నది వేరు: "తొందరపడకు. ఇంకా టైముంది. ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దు." మూడో వాక్యంలో ఆయన స్వభావమంతా ఉంది. పెళ్ళి హడావుడిలోనూ పక్కవాళ్ళకు కష్టం కలగకూడదని చూసుకునే మనిషి. తప్పు అనువాదంలో ఆ మనిషే మాయమయ్యాడు. చదివినవాళ్ళకు ఒక మనిషి పోయాడని కూడా తెలియదు.

మరి దీన్ని పట్టుకోవడం ఎలా? నేను చూసుకునే మొదటి గుర్తు, ఆ మాట ఏ క్రియతో జత కడుతోందనేది. తెలుగులో అవసరం 'పడుతుంది', ఒక మనిషికి ఒక వస్తువుతో. మనిషి తనకు తానుగా అవసరపడడు. తమిళంలో మనిషే అవసరప్పడతాడు. తెలుగులో అలా 'పడే'వి తొందర, కంగారు, ఆత్రం. కాబట్టి మాట మనకు తెలిసినదే అయినా, దాని పక్కన మనం ఎన్నడూ వాడని క్రియ కనిపిస్తే ఆగాలి. నేరం కూడా అంతే. తెలుగులో నేరం చేస్తారు, మోపుతారు, ఒప్పుకుంటారు. తమిళంలో 'నేరం ఆచ్చు' అంటారు. అయిపోయిన నేరం ఏమిటని అనుమానం వస్తే చాలు. ఆలస్యమైందని దాని అర్థం.

పత్రికల్లో పనిచేసేవాళ్ళకు ఇంత నిదానం కుదరదు. చెన్నై వార్త రాత్రి పదింటికి చేతికొస్తుంది, పదిన్నరకు పేజీ వెళ్ళిపోవాలి. తమిళ పత్రికల్లో 'ముదల్వర్ ఆలోసనై' అనే శీర్షిక మామూలుగా కనిపిస్తుంటుంది. ముదల్వర్ అంటే ముఖ్యమంత్రి. దాన్ని 'ముఖ్యమంత్రి ఆలోచన' అని దించితే, ముఖ్యమంత్రి గారు కిటికీ దగ్గర నిలబడి ఏదో ఆలోచిస్తున్నట్టుంటుంది. అసలు జరిగింది అధికారులతో సమావేశం. తమిళంలో ఆలోసనై అంటే సలహా, సంప్రదింపు. న్యాయ సలహాదారును 'సట్ట ఆలోసగర్' అంటారు. మనం 'సమీక్ష' అనో 'సమాలోచన' అనో రాయాలి. అలాగే 'అవసర సట్టం' అని వస్తే అది ఆర్డినెన్సు. 'అవసరమైన చట్టం' అని రాశామంటే వార్త రాసినట్టు కాదు, ప్రభుత్వాన్ని మెచ్చుకున్నట్టు అవుతుంది.

'ఉచితం' సంగతి ఇంకాస్త సరదా. తమిళంలో 'ఉసితం' అంటే తగినది, సబబైనది. సంస్కృతంలోనూ అంతే. దారి తప్పింది మనమే. ఎప్పుడో ఒకప్పుడు తెలుగులో ఉచితం అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చేదని స్థిరపడింది. అయినా 'అనుచితం', 'సముచితం', 'ఉచితానుచితాలు' అనేటప్పుడు పాత అర్థమే వాడుతున్నాం. అనుచితం అంటే డబ్బు కట్టాల్సినది అని ఎవరూ అనుకోరు. తమిళంలో ఊరికే ఇచ్చేదాన్ని 'ఇలవసం' అంటారు. అది మనకు పూర్తిగా కొత్త మాట కాబట్టి దానితో ఏ పేచీ లేదు.

వంటింట్లో మాటలు ఏకంగా ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. మనం చారు అనేది వాళ్ళకు రసం. మనం రసం అనేది వాళ్ళకు సాఱు. చారు, సాఱు మూలంలో ఒక్కటే. పిండినా మరిగించినా దిగేది సారమే కదా, తమిళంలో అది పిండినదానికి నిలిచింది, తెలుగులో మరిగించినదానికి. సంస్కృతం నుంచి వచ్చిన రసం సరిగ్గా దీనికి తలకిందులుగా కుదురుకుంది. ఇక తమిళ వంటల పుస్తకంలో "తక్కాళి రసం దించేముందు రెండు చెంచాల ఎలుమిచ్చై సాఱు కలపండి" అని ఉందనుకోండి. తక్కాళి టమాటా, ఎలుమిచ్చై నిమ్మకాయ. ఉన్నదున్నట్టు దించితే "టమాటా రసం దించేముందు రెండు చెంచాల నిమ్మ చారు కలపండి" అవుతుంది. వండుకునే ఇల్లాలు టమాటాలు పిండి జ్యూసు పొయ్యి మీద పెట్టి, నిమ్మ చారు ఎలా కాయాలా అని పుస్తకం వెతుక్కుంటుంది. "టమాటా చారు దించేముందు రెండు చెంచాల నిమ్మరసం పిండండి" అని రాయాలి. ఇక్కడ ఒక చిక్కు లేకపోలేదు. హోటల్ భోజనాల పుణ్యమా అని ఇప్పుడు మనవాళ్ళు కూడా చారును రసం అంటున్నారు. అందుకని నేను వంటల పుస్తకంలో చారు అనే రాస్తాను, చెన్నై మెస్సులో జరిగే కథలో మాత్రం పాత్ర నోట రసం అనే ఉంచుతాను. నిమ్మ దగ్గర మాత్రం రెండు చోట్లా రసమే.

కొన్ని ఉచ్చులు అర్థంలో కాదు, లిపిలో ఉంటాయి. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. పలికేటప్పుడు తేడా తెలుస్తుంది కానీ కాగితం మీద తెలియదు. పాపం అనే మాట తమిళంలో 'పావం' అయింది. భావం కూడా తమిళంలో రాస్తే 'పావం'గానే ఉంటుంది. పైగా మనం 'అయ్యో పాపం' అన్నట్టే వాళ్ళూ జాలితో పావం అంటారు. అంటే ఒకే రాతకు మూడు అర్థాలు. నాట్య ప్రదర్శన మీద సమీక్షలో "ముగత్తిల్ పావం ఇల్లై" అని ఉంటే, ముఖంలో భావం లేదని విమర్శకుడు తిడుతున్నాడు. తెలుగులో "ముఖంలో పాపం లేదు" అని రాస్తే, పసిపిల్లలా ఉందని మెచ్చుకున్నట్టు! ఇక్కడ నిఘంటువు చూసినా లాభం లేదు, అది మూడింటినీ చూపించి ఊరుకుంటుంది. చుట్టూ ఉన్న వాక్యాలే చెప్పాలి. ముందు వాక్యంలో ముద్రలు, తరవాతి వాక్యంలో తాళం ఉంటే అది భావమే.

అనుమానం వస్తే ఏ నిఘంటువు చూడాలనేది కూడా తెలియాలి. మద్రాసు విశ్వవిద్యాలయం 1924 నుంచి 1936 దాకా ఆరు సంపుటాలుగా తెచ్చిన తమిళ్ లెక్సికన్ మహా గ్రంథం. కానీ అందులో ఒక మాటకు రెండు వేల ఏళ్ళలో ఉన్న అర్థాలన్నీ వరసగా ఉంటాయి. మనకు కావాల్సిన తెలుగు అర్థానికి దగ్గరగా ఏదో ఒకటి అందులో దొరుకుతుంది. అది చూసి 'నేననుకున్నదే నిజం' అని పుస్తకం మూసేస్తాం. ఇవాళ్టి కథకూ వార్తకూ నేను ముందు చూసేది 1992లో క్రియా ప్రచురణ సంస్థ తెచ్చిన 'తర్కాలత్ తమిళ్ అగరాది'. పేరుకు తగ్గట్టు ఇది సమకాలీన తమిళానిది, మాటను వాక్యంలో పెట్టి చూపిస్తుంది. కపట మిత్రుణ్ణి పట్టించేది అర్థం కంటే ఆ ఉదాహరణ వాక్యమే.

నిఘంటువులకు పూర్తిగా అందనివి కూడా కొన్ని ఉన్నాయి. తమిళంలో 'ఎన్ సంసారం' అంటే నా భార్య అని. అదే సంసారం కాపురమనే అర్థంలో కూడా తమిళంలో ఉంది. అందుకే విసు తీసిన 1986 నాటి తమిళ సినిమా 'సంసారం అదు మిన్సారం' మరుసటి ఏడు తెలుగులోకి వచ్చినప్పుడు సంసారం అలాగే నిలిచి, కరెంటు అని అర్థమున్న మిన్సారం మాత్రమే చదరంగంగా మారింది. కానీ ఒక ముసలాయన "ఎన్ సంసారత్తుక్కు ఉడంబు సరియిల్లై" అంటే, కాపురం బాగాలేదని కాదు, భార్యకు ఒంట్లో బాగాలేదని. దాన్ని 'నా భార్యకు' అని రాస్తే తప్పు లేదు కానీ చప్పగా ఉంటుంది. సంసారం అనేది పాతతరం మగవాళ్ళ నోట వచ్చే మాట. పేరు పెట్టడానికి మొహమాటపడే మాట. 'మా ఆవిడకు' అనో, ఇంకా పాతకాలం మనిషైతే 'మా ఇంట్లోవాళ్ళకు' అనో రాస్తే ఆ మొహమాటం కూడా వెంట వస్తుంది.

డబ్బింగ్ రాసేవాళ్ళ కష్టం మరొక తీరు. వాళ్ళకు తెర మీద పెదవుల కదలికకు సరిపోయే మాట కావాలి. నటుడి పెదవులు 'అవసరం' అంటున్నాయి. తెలుగులో కూడా అవసరం అనే మాట సిద్ధంగా ఉంది, పొడవూ అంతే, చివర పెదవులు మూసుకోవడమూ అంతే. అర్థం ఒక్కటే వేరు. అంతకంటే గట్టి ప్రలోభం ఉండదు. ఇలాంటి చోట మాటను వదిలి వాక్యాన్ని పట్టుకోవడమే దారి. 'అర్జెంటు' అంటే పెదవులకు కొంతవరకు కుదురుతుంది. లేదా ఆ వాక్యంలోనే మరో చోట తొందరను సర్ది, అక్కడ 'ఆగం' లాంటి మాట పెట్టుకోవచ్చు.

చిత్తుప్రతి పూర్తయ్యాక నేను దాన్ని తమిళం ఒక్క ముక్క కూడా రానివాళ్ళతో చదివిస్తాను. రెండు భాషలూ వచ్చిన స్నేహితులు దీనికి పనికిరారు. వాళ్ళకు తెలుగు వాక్యం వెనక తమిళం వినిపిస్తూనే ఉంటుంది, "బాగుంది" అనేస్తారు. తమిళం రానివాళ్ళు "ఈయన ఇక్కడ ఇలా ఎందుకన్నాడు?" అని అడుగుతారు. అలా అడిగిన చోటికల్లా మూలం పట్టుకుని వెళ్తే, మూడింట ఒకచోట ఇలాంటి చుట్టం ఎవరో ఒకరు నక్కి ఉంటారని నా అనుభవం. మా ఇంట్లో ఆ పరీక్షాధికారి మా ఆవిడ.

ఆవిడకు ఎదురైన సంఘటన ఒకటుంది. నాలుగైదు నెలలుగా తెలుగు నేర్చుకుంటున్న తమిళ మిత్రుడొకాయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చెప్పకుండా వచ్చానన్న బాధ ఆయనది. లేచి వెళ్ళేటప్పుడు చేతులు జోడించి, "అమ్మా, మీకు చాలా తొందర ఇచ్చాను" అన్నాడు.

"అయ్యో, మాకేం తొందర లేదండీ," అంది మా ఆవిడ, "కాసేపు కూర్చుని వెళ్ళండి."

ఆయన మనసు కుదుటపడి మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మధ్యలో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.